ఒక స్టాకు పుస్తకం, రెండు ఫైళ్లు

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చీరల హోల్‌సేల్ దుకాణం ఉందనుకోండి. దుకాణంలో బాబాయి కూర్చుంటారు, ఊరి బయట ఉన్న గోడౌన్‌ను ఆయన అన్నగారి అబ్బాయి చూసుకుంటాడు. స్టాకు లెక్కంతా `stock.xlsx` అనే ఒక్క ఎక్సెల్ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని డ్రాప్‌బాక్స్ ఫోల్డర్‌లో పెట్టుకున్నారు కాబట్టి ఇక్కడ మార్చింది అక్కడ, అక్కడ మార్చింది ఇక్కడ కనిపిస్తుంది. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం మాత్రం ఫోల్డర్ తెరిస్తే పాత ఫైల్ పక్కనే ఇంకోటి కనిపించింది:

```
stock.xlsx
stock (GODOWN-PC's conflicted copy 2024-07-12).xlsx
```

ఇలాంటి పేరు చూడగానే ఎక్కువ మందికి వచ్చే మొదటి ఆలోచన, ఏదో చెత్త ఫైల్ పుట్టిందని. రెండో ఆలోచన, దాన్ని తీసేద్దామని. ఆ రెండో పని చేయకముందే ఈ ఫైల్ ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. ఎందుకంటే గోడౌన్‌లో అబ్బాయి ఆ ఉదయం చేసిన పని మొత్తం అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఒకే ఫైల్‌ను ఇద్దరూ తెరుస్తున్నారని మనం అనుకుంటాం. నిజానికి అక్కడ మూడు ఫైళ్లున్నాయి. దుకాణం కంప్యూటర్‌లో ఒకటి, గోడౌన్ కంప్యూటర్‌లో ఒకటి, కంపెనీ సర్వర్‌లో ఒకటి. ఎక్సెల్ ఎప్పుడూ తన కంప్యూటర్‌లో ఉన్నదాన్నే తెరుస్తుంది, దాన్నే సేవ్ చేస్తుంది. ఈ మూడూ ఒకేలా ఉండేట్టు చూడడమే సింక్ ప్రోగ్రాం పని. అది వెనకాల కూర్చుని ఫోల్డర్‌ను గమనిస్తూ ఉంటుంది. ఫైల్ మారితే సర్వర్‌కు పంపుతుంది, సర్వర్‌లో మారితే కిందికి దింపుకుంటుంది. ఇంటర్నెట్ బాగున్నంత కాలం ఈ పని కొద్ది సెకన్లలో అయిపోతుంది, అందుకే మూడు ఫైళ్లున్న సంగతే మనకు తట్టదు.

సర్వర్ దగ్గర ప్రతి ఫైల్‌కూ ఒక వెర్షన్ గుర్తు ఉంటుంది. డ్రాప్‌బాక్స్‌లో అది అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి గుర్తు. మన సౌలభ్యం కోసం దాన్ని 41, 42 అనుకుందాం. ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న ఫైల్ ఏ వెర్షన్ నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుంటుంది. కొత్త మార్పు పంపేటప్పుడు ఆ గుర్తును కూడా జతచేసి పంపుతుంది. అంటే, "ఇదిగో కొత్త ఫైల్, దీన్ని 41 మీద రాశాను" అని చెబుతుందన్నమాట. సర్వర్ చూసేది ఒక్కటే. తన దగ్గర ఇప్పుడున్నది కూడా 41 అయితే తీసుకుంటుంది, కాకపోతే తీసుకోదు.

ఆ శుక్రవారం ఏం జరిగిందో ఇప్పుడు చూద్దాం. ఉదయం పదికి రెండు చోట్లా ఉన్నది వెర్షన్ 41. మంగళగిరి చీరల వరుసలో స్టాకు 40 అని ఉంది. పది దాటగానే గోడౌన్ వైపు కరెంటు పోయింది. అబ్బాయి లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది కానీ ఇంటర్నెట్ లేదు. 10:10కి అతను ఒక లోడు పంపించి, మంగళగిరి చీరల 40ని 25 చేసి సేవ్ చేశాడు. కొత్తగా వచ్చిన గద్వాల చీరలకు కింద ఒక వరుస చేర్చాడు. సింక్ ప్రోగ్రాం ఆ మార్పు చూసింది, పంపే దారి లేక వేచి ఉంది. 10:25కి దుకాణంలో బాబాయి అవే మంగళగిరి చీరలు ఆరు అమ్మారు. ఆయన స్క్రీన్ మీద ఇంకా 40 ఉంది, దాన్ని 34 చేశారు. వెంకటగిరి చీర ధర 1450 నుంచి 1520కి మార్చారు. సేవ్ చేయగానే ఆయన కంప్యూటర్ సర్వర్‌కు పంపింది, 41 మీద రాసిందని చెప్పింది. సర్వర్ దగ్గర ఉన్నదీ 41 కనుక తీసుకుని దానికి 42 అని పేరు పెట్టింది.

10:50కి గోడౌన్‌కు కరెంటు వచ్చింది. అబ్బాయి లాప్‌టాప్ కూడా తన ఫైల్ పంపింది, అదీ 41 మీద రాసిందనే చెప్పింది. కానీ సర్వర్ దగ్గర ఇప్పుడున్నది 42. ఈ ఫైల్‌ను 43గా తీసుకుంటే, 42లో బాబాయి రాసినదంతా ఎవరికీ చెప్పకుండా చెరిగిపోతుంది. కనుక తీసుకోలేదు. అప్పుడు `stock.xlsx` అన్న పేరు 42కే ఉండిపోయి, గోడౌన్ కంప్యూటర్‌లోకి అదే దిగింది. అబ్బాయి రాసిన ఫైల్ పక్కన కొత్త పేరుతో నిలబడింది. ఆ కొత్త పేరున్న ఫైల్ కూడా మామూలు ఫైలే కాబట్టి సర్వర్‌కు ఎక్కి దుకాణం కంప్యూటర్‌లోకీ వచ్చింది. మధ్యాహ్నం బాబాయి చూసింది దాన్నే.

పేరులో GODOWN-PC ఎందుకుందో ఈపాటికి అర్థమై ఉంటుంది. సర్వర్‌కు ఎవరు రాశారో, ఏం రాశారో తెలియదు. ఏ కంప్యూటర్ నుంచి పాత వెర్షన్ మీద రాసిన ఫైల్ వచ్చిందో మాత్రమే తెలుసు. ఆ తెలిసిన సంగతినే పేరులో పెట్టింది, మనం వెళ్లి ఎవర్ని అడగాలో తెలియడం కోసం. వేరువేరు ఖాతాలున్న ఇద్దరు ఫోల్డర్‌ను పంచుకుంటే కంప్యూటర్ పేరుకు బదులు మనిషి పేరు రావచ్చు. ఈ పేరు తప్పు చేసిన వాళ్లను చూపించదు. ఎవరి ఫైల్ సర్వర్‌కు ఆలస్యంగా చేరిందో చూపిస్తుంది, అంతే. మన ఉదాహరణలో ముందు రాసింది అబ్బాయే. కరెంటు పోవడం వల్ల అతనిది వెనకబడింది. అయినా ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ ఈ పేరు పట్టుకుని "నువ్వే పాడుచేశావ్" అని మాటలు పడడం జరుగుతుంటుంది. అది అన్యాయం.

మిగతా సర్వీసులూ దాదాపు ఇదే పని చేస్తాయి, పేరు పెట్టే తీరు వేరు. వన్‌డ్రైవ్ ఫైల్ పేరు చివర ఒక గీత పెట్టి కంప్యూటర్ పేరు తగిలిస్తుంది, `stock-GODOWN-PC.xlsx` అన్నట్టుగా. నెక్స్ట్‌క్లౌడ్ తేదీ, సమయం వేస్తుంది. సింక్‌థింగ్‌లో అసలు మధ్యలో కంపెనీ సర్వరే ఉండదు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. అక్కడ తేదీ, సమయం, ఆ మార్పు చేసిన పరికరం ఐడీలో మొదటి 7 అక్షరాలు వస్తాయి:

```
stock.sync-conflict-20240712-105012-K5XMZQ2.xlsx
```

ఎవరి ఫైల్ సర్వర్‌కు ముందు చేరిందో చెప్పడానికి అక్కడ సర్వర్ లేదు కాబట్టి, రెండు ఫైళ్లలో దేని సమయం పాతదైతే దానికి ఈ పేరు పెడుతుంది. గమనించాల్సింది ఏమిటంటే, గొడవ ఉందా లేదా అని సింక్‌థింగ్ తేల్చేది సమయం చూసి కాదు. ఏ పరికరం ఎన్నిసార్లు మార్చిందన్న లెక్కను ప్రతి ఫైల్‌తోపాటు ఉంచుకుంటుంది. ఒకరి లెక్కలో రెండో వారి మార్పులన్నీ ఇమిడి ఉంటే గొడవ లేదు. ఇద్దరి దగ్గరా అవతలివారికి తెలియని మార్పు ఒక్కొక్కటుంటే గొడవే. గొడవ తేలాక, ఏ ఫైల్ పేరు మారాలన్న దానికి మాత్రమే సమయం పనికొస్తుంది. ఒక కంప్యూటర్‌లో గడియారం తప్పుగా ఉన్నా పేరు అటూ ఇటూ అవుతుందేమో కానీ ఫైల్ పోదు.

ఇక్కడ చాలామంది అడిగేది ఒకటుంది. ఎవరు చివర రాశారో వారిదే ఉంచి, ఈ రెండో ఫైల్ గోల లేకుండా చేయొచ్చు కదా అని. మన ఉదాహరణలో అలా చేస్తే బాబాయి రాసిన 34 నిలుస్తుంది. గోడౌన్ నుంచి వెళ్లిన 15 చీరలు లెక్కలో వెళ్లనట్టే ఉంటాయి. గద్వాల చీరల వరుస మాయమవుతుంది. తరవాత రాసినంత మాత్రాన ముందు రాసినది అందులో ఉన్నట్టు కాదు. అన్నిటికన్నా చేటు ఏమిటంటే, ఏదో పోయిందని ఎవరికీ తెలియదు. స్టాకు లెక్కపెట్టే రోజున పదిహేను చీరలు తక్కువ వస్తే ఎవరి మీద అనుమానం పడుతుందో చెప్పక్కర్లేదు. ఫోల్డర్‌లో కంటికి కనిపించే ఒక అదనపు ఫైల్ దానికంటే వెయ్యి రెట్లు మేలని నేను నమ్ముతాను.

మరి రెండింటినీ ప్రోగ్రామే కలిపేయొచ్చు కదా? ఇది ఇంకా మంచి ప్రశ్న. మొదటి అడ్డంకి, సింక్ ప్రోగ్రాంకు ఎక్సెల్ ఫైల్ లోపల ఏముందో తెలియదు. `.xlsx` అనేది నిజానికి జిప్ చేసిన ఒక మూట. లోపల చాలా చిన్న ఫైళ్లుంటాయి. ఒక గడిలో అంకె మార్చి సేవ్ చేస్తే ఆ మూట మొత్తం మళ్లీ కట్టబడుతుంది. బయటనుంచి చూసే ప్రోగ్రాంకు అది బైట్ల వరుస మాత్రమే, వరుసలూ గడులూ కనిపించవు. ఈ బైట్లలో సగం అక్కడినుంచి సగం ఇక్కడినుంచి తీసుకుంటే ఎక్సెల్ తెరవలేని ఫైల్ తయారవుతుంది.

రెండో అడ్డంకి ఇంతకన్నా లోతైనది. ప్రోగ్రాం ఎక్సెల్ లోపలికి చూడగలిగిందనే అనుకుందాం. గద్వాల చీరల వరుస ఒకరి దగ్గరే ఉంది, చేర్చేయొచ్చు. వెంకటగిరి ధర ఒకరే మార్చారు, దాన్నీ తీసుకోవచ్చు. మంగళగిరి చీరల గడి సంగతేమిటి? ఒకరి దగ్గర 25, ఇంకొకరి దగ్గర 34. నిజంగా ఉన్న చీరలు 40లోంచి 15, 6 పోగా 19. ఆ 19 అన్న అంకె రెండు ఫైళ్లలో ఎక్కడా లేదు. రెండింట్లో ఏది ఎంచుకున్నా తప్పే. గడిలో మిగిలింది రాసి ఉంది కానీ ఏం జరిగి అంత మిగిలిందో రాసి లేదు. జరిగింది ఆ ఇద్దరు మనుషులకే తెలుసు. కాబట్టి ప్రోగ్రాం రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి ఆగిపోవడం చేతకానితనం కాదు, తనకు తెలియని విషయం మీద తీర్పు చెప్పకపోవడం.

ఆఫీసుల్లో పనిచేసిన వారికి ఇంకో సందేహం రావచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌లోని షేర్డ్ డ్రైవ్‌లో ఉన్న ఫైల్ ఒకరు తెరిస్తే, రెండోవారికి "ఫలానా వారు వాడుతున్నారు" అని వచ్చి, చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది కదా, ఇక్కడ అలా ఎందుకు రాలేదు? అక్కడ ఫైల్ నిజంగా ఒక్కటే. ఇద్దరూ సర్వర్‌లో ఉన్న దాన్నే తెరుస్తున్నారు. ఎక్సెల్ తెరిచినప్పుడు పక్కనే `~$stock.xlsx` అనే దాచిన చిన్న ఫైల్ పుడుతుంది. తెరిచిన వారి పేరు అందులో ఉంటుంది. సింక్ ఫోల్డర్‌లో కూడా అది పుడుతుంది కానీ తాత్కాలిక ఫైల్ అని డ్రాప్‌బాక్స్ దాన్ని అవతలికి పంపదు. పంపినా ఆ శుక్రవారం ఉపయోగం ఉండేది కాదు, ఇంటర్నెట్ లేనప్పుడు తాళం వేసిన కబురు కూడా చేరదు. కబురు చేరేదాకా ఎవరూ రాయకూడదంటే, కరెంటు పోయిన ప్రతిసారీ గోడౌన్‌లో పని ఆపుకుని కూర్చోవాలి.

ముందు తాళం వేయడమా, లేక రాయనిచ్చి తరవాత గొడవ పట్టుకోవడమా అన్న ప్రశ్న డ్రాప్‌బాక్స్ కంటే చాలా పాతది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఐఐటీ మద్రాసులో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ బృందం కోడా అనే ఫైల్ వ్యవస్థను తయారుచేసింది. నెట్‌వర్క్ తెగిపోయినా లాప్‌టాప్‌లో పని సాగాలన్నది వారి పట్టుదల. అందుకు రెండో దారే ఎంచుకున్నారు. జేమ్స్ కిస్లర్‌తో కలిసి ఆయన 1992లో ప్రచురించిన వ్యాసంలో దానికి కారణం కూడా ఉంది. తమ విశ్వవిద్యాలయంలో అప్పటికే వాడుకలో ఉన్న ఫైల్ వ్యవస్థను పరిశీలిస్తే, మార్పుల్లో 99 శాతానికి పైగా అంతకుముందు ఆ ఫైల్‌ను మార్చిన మనిషే చేసినవి. ఇద్దరు వేరువేరు మనుషులు ఒకే ఫైల్‌ను ఒక రోజు లోపు మార్చే అవకాశం 0.75 శాతానికి మించలేదు. అంత అరుదైన దానికోసం అందరి చేతులూ కట్టేయడం ఎందుకన్నది వారి వాదన. ఆ లెక్క ప్రతివారూ తమ ఫైళ్లు తాము రాసుకునే చోటుకు సరిపోతుంది. ఇద్దరూ రోజంతా రాసే స్టాకు పుస్తకానికి సరిపోదు. మన దుకాణం సరిగ్గా ఆ కొద్దిపాటి శాతంలోకి వచ్చి పడింది.

ఈ కాపలాకు ఒక హద్దు ఉంది, అది తెలియకపోతే నష్టం. సింక్ ప్రోగ్రాం చూసేది డిస్క్ మీదున్న ఫైల్‌ను. మీ స్క్రీన్ మీద తెరిచి ఉన్నదాన్ని కాదు. నోట్‌ప్యాడ్ లాంటి సాదా ఎడిటర్ ఫైల్‌ను ఒకసారి చదివేసి వదిలేస్తుంది. ఉదయం తెరిచి పెట్టిన జాబితా స్క్రీన్ మీద అలాగే ఉండగా, డిస్క్ మీద అవతలివారి కొత్త వెర్షన్ దిగిపోతుంది. మధ్యాహ్నం మీరు ఒక అక్షరం మార్చి సేవ్ చేస్తే ఉదయపు పాఠం దాని మీద పడుతుంది. సింక్ ప్రోగ్రాం దృష్టిలో అది కొత్త వెర్షన్ మీద రాసిందే, సర్వర్ అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది. రెండో ఫైల్ పుట్టదు, అవతలివారి మార్పు మాత్రం పోతుంది. విండోస్‌లో ఎక్సెల్ తెరిచిన ఫైల్‌ను గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి కథ ఇంకోలా నడుస్తుంది. కొత్త వెర్షన్ కిందికి దిగలేక ఆగుతుంది, మీరు సేవ్ చేయగానే గొడవ కాపీ పుడుతుంది. రోజంతా ఫైల్ తెరిచి ఉంచే కంప్యూటర్ల పేర్లే ఈ కాపీల మీద పదే పదే కనిపించడానికి ఇదొక కారణం. ఒకే మనిషి ఇంట్లో లాప్‌టాప్ మూయకుండా వచ్చి ఆఫీసులో అదే ఫైల్ మార్చినా ఇదే జరుగుతుంది. ఇద్దరు మనుషులు ఉండాలని లేదు, రెండు కంప్యూటర్లు చాలు.

పుట్టిన కాపీని ఎలా సరిచేయాలి? రెండు ఫైళ్లనే ఎదురెదురుగా పెట్టుకుని చూస్తే సరిపోదు. 25, 34 పక్కపక్కన చూస్తే ఏది ఎందుకు మారిందో తేలదు. వాళ్లిద్దరూ విడిపోయిన చోటు, అంటే వెర్షన్ 41, మూడో ఫైల్‌గా చేతిలో ఉండాలి. డ్రాప్‌బాక్స్ వెబ్‌సైట్‌లో `stock.xlsx` వెర్షన్ హిస్టరీ తెరిస్తే అది దొరుకుతుంది. ఉచిత ఖాతాలో 30 రోజుల వరకు పాత వెర్షన్లు ఉంటాయి కాబట్టి నెలల తరవాత చూద్దామంటే కుదరదు. 10:25కి ముందున్న వెర్షన్‌ను వేరే పేరుతో దింపుకోవాలి. ఈ పని అయ్యేదాకా రెండో చోట ఎవరూ ఫైల్ ముట్టుకోకూడదని ఫోన్‌లో చెప్పుకోవాలి.

ఇక 41తో బాబాయి ఫైల్‌ను పోల్చితే రెండు తేడాలు: మంగళగిరిలో 6 తగ్గాయి, వెంకటగిరి ధర 1520 అయింది. 41తో అబ్బాయి ఫైల్‌ను పోల్చితే మరో రెండు: మంగళగిరిలో 15 తగ్గాయి, గద్వాల వరుస వచ్చింది. ఈ నాలుగింటినీ `stock.xlsx`లోనే ఉండేట్టు చేయాలి. బాబాయివి అందులో ఇప్పటికే ఉన్నాయి, అబ్బాయివి చేర్చాలి. గద్వాల వరుస తేలిక. మంగళగిరి గడి దగ్గర మాత్రం ఒక మాట అడగక తప్పదు.

"ఒరేయ్ నాన్నా, ఆ పాతిక ఎలా వచ్చిందిరా? చీరలు లెక్కపెట్టి వేశావా, పంపినవి తీసేసి వేశావా?"

"తీసేసే వేశాను బాబాయ్. తునికి పదిహేను పంపాను, నలభైలోంచి తీశాను."

అలా అయితే 34లోంచి 15 తీసి 19 వేయొచ్చు. అబ్బాయి గోడౌన్‌లో ఉన్నవాటిని చేత్తో లెక్కపెట్టి 25 వేసి ఉంటే కథ వేరు. దుకాణంలో అమ్మిన ఆరూ ఆ లెక్కలోకి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఫైల్‌లో ఎంత వెతికినా ఈ తేడా కనిపించదు. అంతా కలిపాక కాపీని చెరిపేయకుండా `పాతవి` అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి జరపడం మంచిది. ఒక చోట చెరిపితే అన్ని చోట్లా పోతుంది, కలిపినదాంట్లో పొరపాటు ఎప్పుడు బయటపడుతుందో తెలియదు.

ఇలాంటి కాపీలు ఇంకెన్ని ఉన్నాయో తెలియాలంటే ఫోల్డర్‌లో `conflicted copy` అని వెతికితే చాలు. పాత గొడవలన్నీ వరుసగా కనిపిస్తాయి. అప్పుడు కంప్యూటర్ల పేర్లు అక్కరకొస్తాయి. విండోస్ తనంతట తాను పెట్టే పేరు `DESKTOP-` తరవాత అర్థంలేని అక్షరాలతో ఉంటుంది, అది దుకాణానిదో గోడౌన్‌దో చెప్పలేం. కంప్యూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి SHOP-PC, GODOWN-PC అని పేరు మార్చుకుంటే ఎవరిని అడగాలో వెంటనే తెలుస్తుంది.

గూగుల్ షీట్స్‌లో, లేదా వన్‌డ్రైవ్‌లో ఆటోసేవ్ పెట్టిన ఎక్సెల్‌లో ఇద్దరూ ఒకేసారి రాస్తే ఈ కాపీలు పుట్టవు. అక్కడ మొత్తం ఫైల్ వెళ్లదు, ఏ గడిలో ఏం మారిందన్న కబురు వెళుతుంది. ఇంటర్నెట్ నిలకడగా ఉన్న చోట అదే సరైన దారి. అది లేని గోడౌన్‌కు పనికొచ్చేది పుస్తకం రాసే పద్ధతి మార్చుకోవడం. మిగిలిన స్టాకును చెరిపి తిరగరాయడం మానేసి, చిట్టాలో రాసినట్టు వచ్చిన ప్రతి సరుకుకూ వెళ్లిన ప్రతి సరుకుకూ ఒక వరుస వేయాలి: తేదీ, సరుకు, రాక లేదా పోక, ఎన్ని, ఎవరు రాశారు. మిగిలినది ఎంతో ఎక్సెల్ సూత్రమే కూడి చెబుతుంది. దుకాణానికి ఒక ఫైల్, గోడౌన్‌కు ఒక ఫైల్ పెట్టుకుని, మూడో ఫైల్ ఆ రెండింటినీ చదివి కూడేట్టు చేస్తే ఇంకా మేలు. ఏ ఫైల్‌లోనూ ఇద్దరు రాయరు. కరెంటు పోయిన ఉదయం అబ్బాయి తన ఫైల్‌లో "మంగళగిరి, పోక, 15" అని వేస్తాడు, బాబాయి తన ఫైల్‌లో "మంగళగిరి, పోక, 6" అని వేస్తారు. 10:50కి లైను వచ్చాక రెండు ఫైళ్లూ సర్వర్‌కు చేరతాయి, మూడో ఫైల్ తెరిచి లెక్కలు తాజా చేస్తే 19 కనిపిస్తుంది.